జల్లెడ పట్టిన దయ: ధాత కరువు నుండి తల్లికి వందనం దాకా

అర్హుడు అన్న మాటకు సంస్కృతంలో పూజకు తగినవాడు అని అర్థం. మా కాలంలో విద్యార్థులకు ఆ మాట అట్లే చెప్పినాము. నేడు వేంపల్లెలోని ఏ గ్రామ సచివాలయానికి పోయినా గోడమీద ‘అర్హుల జాబితా’, దాని పక్కన ‘అనర్హుల జాబితా’ కనిపిస్తాయి. ఇప్పుడు అర్హుడు అంటే నెలకు మూడువందల యూనిట్ల లోపు కరెంటు కాల్చేవాడు, నాలుగు చక్రాల బండి లేనివాడు, ఆదాయపు పన్ను కట్టనివాడు. మాటల అర్థాలు మారడం భాషకు సహజమే. కాని ఈ మార్పు వెనుక నూట యాభై ఏండ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో పెద్ద భాగం మన దత్తమండలాలలోనే, అంటే నేటి కడప, కర్నూలు, అనంతపురం, బళ్లారి సీమలలోనే జరిగినది. అందుకే ఈ వ్యాసం.

ఇటీవల ఆర్థికశాస్త్రజ్ఞుల నడుమ ఒక వివాదం నడుస్తున్నది. పేదరికం పోగొట్టడానికి ప్రభుత్వం ప్రజలకు నేరుగా డబ్బు ఇవ్వదలచుకుంటే ఎట్లా ఇవ్వాలి? ధనికుడు, పేద అని చూడక, ఏ షరతూ పెట్టక దేశంలోని ప్రతి మనిషికీ నెలనెలా కొంత సొమ్ము ఇవ్వాలనేది ఒక పక్షం. దీనిని సార్వత్రిక కనీస ఆదాయం అంటున్నారు. పేదలను ఏరి, వారికి మాత్రమే, అదికూడా బిడ్డను బడికి పంపుట వంటి మంచిపని చేస్తేనే ఇవ్వాలనేది రెండవ పక్షం. ఇది షరతులతో కూడిన నగదు బదిలీ. ఉభయుల వాదాలూ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి. ఊరికే ఇస్తే మనిషి పని మానడా? అందరికీ ఇచ్చేంత సొమ్ము ఉన్నదా? ఏరి ఇవ్వదలిస్తే పేదను గుర్తించడం ఎట్లా?

ఈ మూడు ప్రశ్నలూ కొత్తవి కావు. నగదు బదులు గంజి అని, సంకటి అని చదువుకుంటే, ఇవన్నీ మన తాతముత్తాతల కాలంలో మన నేలమీదనే అడిగినవే.

మొదట ఒక దాతను తలచుకొందాము. కర్నూలు జిల్లా ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి గారి పేరు వినని పెద్దలు మన సీమలో ఉండరు. 1866 నాటి కరువులో ఆయన తన గాదెలు తెరచి, ఆకలితో వచ్చినవారికెల్లా నెలల తరబడి అన్నం పెట్టినారు. దినానికి వేలమంది తిన్నారు. ఇంగ్లండు రాణి బంగారు పతకం పంపినదని చెప్పుకొంటారు. ఆయన కథ నేటికీ మన జానపదుల పాటలలో ఉన్నది. ఆ పంక్తిలో కూర్చున్నవానిని నీకు భూమి ఎంత అని అడిగినవారు లేరు. ఏ పనిచేసి వచ్చినావు అని అడిగినవారూ లేరు. నేటి పరిభాషలో చెప్పాలంటే అది షరతులు లేని, సార్వత్రికమైన సహాయం.

అయితే ఒక విషయం గమనించాలి. ఆ అన్నసత్రానికి కూడా కంటికి కనబడని జల్లెడ ఒకటి ఉండినది. ఇంట తిండి ఉన్నవాడు ఎండలో నడచివచ్చి పరాయివాకిట పంక్తిలో కూర్చోడు. అడగకుండానే కలవారు తమంత తాము తొలగిపోతారు. ఇది ఆ పద్ధతిలోని గుణం. నడవలేని ముసలివాడు, పురిటాలు, పరువుకు వెరచే మధ్యతరగతి ఇల్లాలు కూడా తొలగిపోతారు. ఇది అందులోని దోషం. రెండు పనులూ చేసేది ఒకే జల్లెడ. ఈ మాట చదువరులు గుర్తుంచుకోవాలి, ముందుముందు అవసరపడుతుంది.

పదేండ్ల తరువాత ధాత నామ సంవత్సరం వచ్చినది. 1876లో రెండు ఋతుపవనాలూ మొండిచేయి చూపినవి. ధాత, ఈశ్వర సంవత్సరాలు రెండూ కరువులోనే గడచినవి. దక్షిణదేశంలో బ్రిటిషు పాలనలోని ప్రాంతాలలోనే యాభై లక్షలకు పైగా జనం చనిపోయినారని చరిత్రకారుల అంచనా. 1871 జనగణనకూ 1881 జనగణనకూ నడుమ కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగవ వంతు తగ్గిపోయినది. కడపకు తగిలిన దెబ్బ దానికంటె కొంత తక్కువ, అంతే.

మదరాసు ప్రభుత్వం మొదట పనులు తెరచినది. కంకర కొట్టడం, రోడ్లు వేయడం, చెరువుకట్టలు ఎత్తడం వంటివి. పనికి వచ్చినవానికి కూలి ఇచ్చేవారు. 1877 జనవరి నాటికి ఈ పనులమీద లక్షలాది జనం చేరినారు. కలకత్తాలోని రాజప్రతినిధి లిట్టన్ ప్రభువుకు ఈ ఖర్చు కంటగింపైనది. ఆయన సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని తన ప్రతినిధిగా మదరాసు రాజధానికి పంపినాడు. ఈ టెంపుల్ చరిత్ర విచిత్రమైనది. 1873-74లో బీహారులో కరువు వచ్చినప్పుడు బర్మానుండి బియ్యం తెప్పించి ధారాళంగా పంచినవాడు ఆయనే. అప్పుడు ఆకలిచావులు బహుస్వల్పం. కాని డబ్బు తగలేసినాడని ఆయనను అందరూ తప్పుపట్టినారు. ఆ నింద తుడుచుకోవాలనే పట్టుదల 1877లో ఆయన చేతలలో కనిపిస్తుంది.

టెంపుల్ మన జిల్లాలలో తిరిగి తేల్చినది ఏమంటే, నిజంగా అవసరం లేనివారు చాలామంది పనులమీద ఉన్నారని. దానికి ఆయన కనిపెట్టిన ఉపాయం కూలి తగ్గించడం. అంతకుముందు మగకూలికి దినానికి సుమారు ఒకటిన్నర పౌను ధాన్యం వెల, చిల్లర ఖర్చుకు అర అణా ఇచ్చేవారు. టెంపుల్ ధాన్యాన్ని ఒక పౌనుకు దించినాడు. పౌను అంటే నేటి లెక్కలో 450 గ్రాములు. దినమంతా కంకర కొట్టే మనిషికి అదే తిండి. కూలి అంత తక్కువగా ఉంటే గతిలేనివాడు మాత్రమే వస్తాడని, ఏరవలసిన పనిలేకుండా పేద తనంత తానే ఏరబడతాడని ఆయన వాదం.

మదరాసు ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టరు కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించినాడు. ఇది జైలులో ఖైదీకి పెట్టే తిండికంటె తక్కువని, మనిషి చిక్కిపోవడం కంటికి కనిపించేసరికి వైద్యం చేసినా బతకని స్థితి వచ్చివుంటుందని ఆయన వాదించినాడు. ఇద్దరి నడుమ పెద్ద ఉత్తర ప్రత్యుత్తరాలు నడచినవి. కొన్ని నెలలకు మదరాసు ప్రభుత్వం కూలిని కొంత పెంచినది. ఇంతలో మరొక పరీక్ష కూడా వచ్చినది. పని తన ఊరికి పదిమైళ్ల దూరంలో ఉండాలన్నారు. దూరం నడచిరాగలిగినవాడే నిజమైన పేద అని దాని భావం. దీనికి దూరపరీక్ష అని, మొదటిదానికి శ్రమపరీక్ష అని పేర్లు.

ఇక అసలు సంగతి. కూలి తగ్గించి, నియమాలు బిగించిన తరువాత పనులమీద ఉన్నవారి సంఖ్య తగ్గినది. టెంపుల్ దీనిని తన వాదానికి రుజువుగా చూపినాడు. అవసరం లేనివారు వెళ్లిపోయినారు, ఖజానాకు ఆదా అయినది అన్నాడు. కాని పనినుండి వెళ్లిపోయినవాడు ఎందుకు వెళ్లినాడు? ఇంట తిండి ఉండి వెళ్లినాడా, పార ఎత్తే ఓపిక లేక వెళ్లినాడా, పదిమైళ్లు నడవలేక దారిలో కూలబడినాడా? మస్టరులో ఈ ముగ్గురూ ఒకే విధంగా కనిపిస్తారు: నిన్న ఉన్న పేరు నేడు లేదు. తగ్గిన అంకె ఒక్కటే చూచి ఈ ముగ్గురిని విడదీయడం ఎవరికీ సాధ్యం కాదు. మరణాల లెక్కలు చేతిలో ఉన్న కార్నిష్‌కు ఆ తేడా తెలిసినది. మస్టరు మాత్రమే చూచిన టెంపుల్‌కు తెలియలేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకొన్న ముఖ్యమైన మాట ఇదే. జల్లెడ పట్టి సహాయం చేసేవాడు జల్లెడలో నిలిచినదానిని లెక్కపెడతాడు. కింద రాలినదానిని చూడడు. రాలినది పొట్టా గింజా అన్నది కిందికి వంగి చూస్తేనే తెలుస్తుంది.

1880లో స్ట్రాచీ అధ్యక్షతన కూర్చున్న కరువు కమిషను ఈ అనుభవంనుండి ఒక మధ్యమార్గం తీసినది. ఒంట్లో శక్తి ఉన్నవానికి పని, లేనివానికి సొంత ఊరిలోనే ఉచితంగా తిండి అని విభజించినది. తరువాతి కరువు నిబంధనలన్నీ ఆ పునాదిమీద లేచినవే. స్వతంత్రదేశంలో 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధిహామీ పథకంలో కూడా ఆ వాసన ఉన్నది. తట్ట మోయడానికి సిద్ధపడినవానికే కూలి. కలవాడు తనంత తానే దూరంగా ఉంటాడు. అయితే ఇక్కడ పని హక్కుగా అడుగవచ్చు, కూలి చట్టం నిర్ణయించినది, పని ఊరికి దగ్గరలో ఉండాలన్న నియమం ఉన్నది. టెంపుల్ పద్ధతినుండి విషం తీసివేసి మందు మాత్రం ఉంచుకొన్నారని చెప్పవచ్చు.

ఇప్పుడు మన కాలానికి వద్దాము. శ్రమను బట్టి, దూరాన్ని బట్టి ఏరడం తగ్గి, కాగితాన్ని బట్టి, నడతను బట్టి ఏరడం వచ్చినది. 1997లో మెక్సికో దేశం పల్లెలలోని పేద తల్లులకు, బిడ్డలను బడికి పంపితే, వైద్యపరీక్షలకు తీసుకుపోతే డబ్బు ఇచ్చే పథకం మొదలుపెట్టినది. 2003లో బ్రెజిల్ ఆ దారిలోనే పెద్ద పథకం నడిపినది. మన రాష్ట్రంలో ఈ జాతికి చెందినది అమ్మఒడి. మా పులివెందుల శాసనసభ్యులే ముఖ్యమంత్రిగా ఉండగా 2020 జనవరి 9న చిత్తూరులో దానిని ప్రారంభించినారు. ఒకటవ తరగతినుండి ఇంటర్మీడియేట్ వరకు చదివే బిడ్డ ఉన్న పేదతల్లి ఖాతాలో ఏడాదికి 15,000 రూపాయలు పడేవి. ప్రైవేటు బడి అయినా సరే. తరువాతి సంవత్సరాలలో బడుల మరుగుదొడ్లు, నిర్వహణల నిమిత్తం దానిలో కొంత పట్టుకొన్నారు. ఎందరు పిల్లలున్నా తల్లికి ఒక్క మొత్తమే ఇచ్చేవారు. బిడ్డకు నూటికి 75 వంతుల హాజరు ఉండవలసి ఉండినది. ఇక ఆదాయం, భూమి, కరెంటు, కారు, ప్రభుత్వోద్యోగం మొదలైన వడపోతలు సరే సరి.

హాజరు నియమాన్ని మొదట సడలించి, 2022 జూన్‌లో ఇచ్చిన విడతనాటికి గట్టిగా అమలుచేసినారు. ఆ ఏడు దాదాపు 44 లక్షల తల్లులకు సుమారు 6,595 కోట్ల రూపాయలు అందినవి. హాజరు చాలక సుమారు 51 వేల మందికి అందలేదని ప్రభుత్వమే ప్రకటించినది. వినడానికి ఇది చిన్న అంకె. నూటికి ఒకరికంటె కాస్త ఎక్కువ. మిగిలిన సొమ్ము కూడా, ఒక్కొక్కరికి పదిహేను వేల చొప్పున వేసినా, 76 కోట్లు మాత్రమే. పథకం మొత్తంలో అదీ నూటికి ఒక వంతే.

ఆ 51 వేలమంది ఎవరు? అధ్యాపకవృత్తిలో దశాబ్దాలపాటు హాజరుపట్టీ చేతబట్టినవాడిగా ఒక సగటు లెక్క చెప్పగలను. బడి ఏడాదికి సుమారు 220 దినాలు నడుస్తుంది. 75 వంతులంటే 165 దినాలు. అంటే 55 దినాలు మానవచ్చు. మంచి గడువే అనిపిస్తుంది. మన మండలంలో బుడ్డల పంట ఎండిపోయిన ఏడు ఒక కూలికుటుంబం వలసపోయినదనుకొందాము. సంక్రాంతి దాటినాక బెంగుళూరులో కట్టడం పనికి పోయి, ఉగాది తరువాత వస్తారు. చూసుకొనే అవ్వ లేకపోతే బిడ్డ కూడా వెంటపోతాడు. రెండు నెలల పైచిలుకులో సెలవులు పోగా 50 బడిదినాలు పోయినవి. మిగిలిన ఏడాదంతా వాడు జ్వరం వచ్చి ఆరుదినాలు మానినాడంటే చాలు, 56 అవుతుంది. పదిహేను వేలూ పోయినవి. ఆ సొమ్ము ఉండివుంటే మరుసటి ఏడు బిడ్డను అవ్వ దగ్గరో, హాస్టలులోనో ఉంచగలిగేవారేమో. షరతు ఎవరి కోసం పెట్టినారో, ముందుగా జారిపోయేది వాడే.

హాజరు షరతుకు మరొక చిక్కు ఉన్నది. పట్టీ రాసేవాడు మనిషి. ఒక గీత వల్ల ఒక పేదతల్లికి పదిహేను వేలు పోతాయని తెలిసినప్పుడు ఉపాధ్యాయుని చేయి వణకుతుంది. అది కరుణే. కాని కరుణతో గీసిన గీతలు పెరిగితే పట్టీ బడిలోని పిల్లలను కాక మరేదో చూపడం మొదలుపెడుతుంది. బిడ్డ నిజంగా వస్తున్నాడో లేదో పట్టీ చూచి చెప్పలేము. మధ్యాహ్నభోజనం పళ్లాలు లెక్కపెట్టి చెప్పవచ్చు. ఆ భోజనంలో షరతు ఉన్నా కాగితం లేదు. బడికి వచ్చినవాడు తింటాడు, రానివాడు ఆ పూట తినడు, మరునాడు వస్తే మళ్లీ తింటాడు. ఒకనాటి గైర్హాజరుకు ఒకపూటే శిక్ష. ఏడాది సొమ్మంతా పోదు.

కాగితపు జల్లెడ సంగతి ఇంకొకటి. మూడువందల యూనిట్ల నియమం కారున్న ఇంటిని, చల్లని యంత్రమున్న ఇంటిని పక్కకు పెట్టడానికి వచ్చినది. కాని ఒకే మీటరుమీద మూడు వాటాలు అద్దెకిచ్చిన పాత ఇల్లు మన వేంపల్లెలో ఏ వీధిలోనైనా ఉంటుంది. ముగ్గురు కలిసి కాల్చినది ఒకరి పేరున పడుతుంది. ఆ ఒకరు దర్జీపని చేసుకొనే పేదవాడు కావచ్చు. అమ్మఒడి నిలిచి, సచివాలయం చుట్టూ తిరిగి, కరెంటు కచేరీనుండి రుజువు తెచ్చేసరికి మూడు నాలుగు దినాల కూలి పోతుంది. జల్లెడ దాటడానికయ్యే ఖర్చు ప్రభుత్వపు పద్దులో ఎక్కడా కనబడదు. అది పేదవాని పద్దులో పడుతుంది.

ఇన్ని చెప్పి షరతులన్నీ దండగ అనడం న్యాయం కాదు. షరతుకు బలమున్నదని చూపిన పరిశోధన ఒకటి ఆఫ్రికాలోని మలావీ దేశంలో, జోంబా జిల్లాలో, 2008-09లో జరిగినది. బెయిర్డ్, మెకింటాష్, ఓజ్లెర్ అనే ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు పెండ్లికాని బాలికల కుటుంబాలను చీట్లు వేసి విడదీసినారు. కొందరికి బడికి వస్తేనే డబ్బు, కొందరికి ఏ షరతూ లేకుండా డబ్బు, కొందరికి ఏమీ లేదు. షరతు పెట్టినచోట బాలికలు బడిలో ఎక్కువగా నిలిచినారు, పరీక్షలలోనూ మెరుగైనారు. ఇక్కడ షరతే గెలిచినది. కాని చిన్నవయసు పెండ్లిళ్లు, కానుపులు బాగా తగ్గినది షరతు లేనిచోట. కారణం ఆలోచిస్తే తేలికగా తెలుస్తుంది. షరతు ఉన్నచోట బడిమానిన పిల్లకు డబ్బు ఆగిపోయినది, ఆమెను ఇంట ఉంచుకోవడం భారమై పెండ్లి చేసినారు. షరతు లేనిచోట బడిమానినా డబ్బు వస్తూనే ఉన్నది కనుక తొందరపడలేదు. షరతు నిలిచినవారిని ఇంకా పైకి లాగినది, జారినవారిని వదలివేసినది. రెంటిలో ఏది కావాలో తేల్చవలసినది లెక్కలు కాదు, మనం.

ఊరికే ఇస్తే సోమరులవుతారన్న భయం మాటేమిటి? 2011-12లో మధ్యప్రదేశ్‌లో సేవా సంస్థ, యూనిసెఫ్ సహాయంతో, ఎనిమిది పల్లెలలో ప్రతి మనిషికీ షరతు లేకుండా నెలనెలా డబ్బు ఇచ్చి చూచినది. మొదట పెద్దలకు 200, పిల్లలకు 100 రూపాయలు. పని తగ్గలేదు, చిన్నరైతులు సొంతసేద్యం మీద మరింత శ్రమించినారు. ఇంత చిన్న మొత్తానికి ఎవడూ పార కింద పెట్టడన్నది మన అనుభవానికీ అందేదే. ఆ మొత్తం పదింతలైతే ఏమవుతుందో ఈ పరీక్ష చెప్పదు.

మరి అందరికీ ఇచ్చేస్తే పోలేదా? ఇక్కడ ఖర్చు లెక్క చూడక తప్పదు. ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు అయిదు కోట్లు. 2022లో అమ్మఒడికి అయిన 6,595 కోట్లను అయిదు కోట్ల మందికీ సమంగా పంచితే తలకు ఏడాదికి 1,319 రూపాయలు, నెలకు 110 వస్తాయి. నలుగురున్న కుటుంబానికి ఏడాదికి అయిదువేల చిల్లర. పదిహేను వేలు పొందే కూలితల్లికి దాదాపు పదివేలు నష్టం. ఆ పదివేలు కలవారి ఇండ్లకు పోయినట్లే. సరే, మొత్తమే పెంచుదాము, మనిషికి నెలకు వెయ్యి ఇద్దామంటే ఏడాదికి 60,000 కోట్లు కావాలి. 2025-26 రాష్ట్ర బడ్జెటు 3.22 లక్షల కోట్లు. దాదాపు అయిదవ వంతు దీనికే పోతుంది. ఏ ఆసుపత్రి, ఏ కాలువ, ఏ బడి ఖర్చు తగ్గించాలో కూడా చెప్పవలసి ఉంటుంది. 2016-17 నాటి కేంద్ర ఆర్థికసర్వే ఈ ఆలోచనను చర్చించినప్పుడు మనిషికి ఏడాదికి 7,620 రూపాయలు లెక్కవేసి, దానిని కూడా జనంలో నూటికి 75 మందికే ఇచ్చినట్లు ఊహించినది. అప్పటికీ అది దేశపు స్థూలోత్పత్తిలో 4.9 శాతమైనది. సార్వత్రికం అన్న పేరుతో మొదలుపెట్టినవారు సైతం కడకు నలుగురిలో ఒకరిని తీసివేయవలసి వచ్చినది.

షరతు లేదన్నంత మాత్రాన సార్వత్రికం కాదనడానికి పొరుగున ఉన్న తెలంగాణే సాక్ష్యం. 2018 మే నెలలో మొదలైన రైతుబంధు ఏ షరతూ లేకుండా పంటకాలానికి ఎకరాకు 4,000 రూపాయలు ఇచ్చినది. పేద, ధనిక తేడా చూడలేదు. దీనితో రెండెకరాల రైతుకు ఏడాదికి 16,000, ఇరవై ఎకరాల ఆసామికి 1,60,000, కౌలుదారుకు, కూలికి సున్న. జల్లెడ లేదనుకొన్నాము గాని పట్టాదారు పుస్తకమే జల్లెడ అయినది.

కనుక షరతా, సార్వత్రికమా అని ఒక్క మాటలో తీర్పు అడగడం సరికాదని నా అభిప్రాయం. ప్రాణం నిలిపే సహాయానికి, అంటే తిండికి, ముసలితనపు పింఛనుకు, కరువుకాలపు ఆసరాకు, ఏ నడతనూ షరతుగా పెట్టరాదు. అక్కడ జారినవానికి రెండవ అవకాశం ఉండదని ధాత కరువు నేర్పినది. ప్రాణం మీదికి రాని చోట, బడి అందుబాటులో ఉన్నచోట, చదువు వంటి ఒక ప్రయోజనం కోసం షరతు పెట్టవచ్చు. కాని ఒక్కదినం తక్కువైతే మొత్తం పోయే షరతు మంచిది కాదు. హాజరు తగ్గినకొద్దీ సొమ్ము కొంత తగ్గాలి, మరుసటి విడత మళ్లీ పెరగాలి. వలసపోయినచోటి బడి హాజరు ఇక్కడ చెల్లాలి.

2025 జూన్‌లో కొత్త ప్రభుత్వం ఇదే పథకాన్ని తల్లికి వందనం పేరుతో తెచ్చినది. తల్లికి ఒక్కటే అన్న నియమం తొలగించి చదివే ప్రతి బిడ్డకూ ఇచ్చినది. 67 లక్షల పైచిలుకు విద్యార్థులు లెక్కకు వచ్చినారు. ఇద్దరు బిడ్డలున్న ఇంట రెండవదానిని, తరచుగా ఆడబిడ్డను, వెనుకకు నెట్టే అవసరం దీనితో తగ్గినది. ఇది మంచి సవరణ. హాజరు, కరెంటు నియమాలు మాత్రం అట్లే ఉన్నవి.

ప్రభుత్వం ఏదైనా కానీయండి, పౌరులుగా మనం అడుగవలసిన లెక్క ఒకటి ఉన్నది. ఎందరికి ఇచ్చినారన్నది పత్రికలలో పెద్ద అక్షరాలతో వస్తుంది. ఎందరిని, ఏ కారణంతో తీసివేసినారు, వారిలో ఎందరి ఇంటికి పోయి చూచినారు, చూచిన తరువాత ఎందరిని మళ్లీ చేర్చినారు? ప్రతి సచివాలయమూ ఈ నాలుగు అంకెలు గోడకు అంటించాలి. తీసివేసినవారిలో వందకు పదిమంది ఇండ్లకైనా పోయి చూడడానికి ఒక్క వారం చాలు. చూచిన పదిమందిలో కారున్నవారు ఎక్కువుంటే జల్లెడ బాగా పనిచేసినట్లు. వలసకూలీలు, అద్దెవాటాలవారు ఎక్కువుంటే కన్నం సరిచేయాలి. 1877లో ఆ పని కార్నిష్ ఒక్కడు మదరాసులో కూర్చుని చావుల లెక్కలతో చేయవలసి వచ్చినది. నేడు మన ఊరి సచివాలయానికి ఆ ఇల్లు నాలుగు వీధుల అవతల ఉన్నది.